కొత్త ఫోన్‌లో చిన్న క్యూఆర్ స్కాన్ కావట్లేదు, పాత ఫోన్‌లో వెంటనే అయ్యేది. కారణం ఏంటి?

మారతహళ్లి_శ్రీను

అందరికీ నమస్కారం. నేను మారతహళ్లిలో పీజీలో ఉంటాను. ఈమధ్యే ఫోన్ మార్చాను. ఫొటోలు బ్రహ్మాండంగా వస్తున్నాయి, రాత్రి పూట కూడా. కానీ పీజీ కింద టీ కొట్టులో క్యూఆర్ స్కాన్ చేయాలంటే ప్రాణం పోతోంది. ఆయన కౌంటర్ మీద చిన్న స్టిక్కర్ అంటించాడు, అటూ ఇటూ మూడేసి సెంటీమీటర్లు ఉంటుందేమో. పాత ఫోన్ దాని మీద పెట్టగానే కొట్టు పేరు వచ్చేసేది. కొత్తదాంట్లో ముందు మసక, ఒక్క క్షణం తేట, మళ్లీ మసక. ఇంకా దగ్గరికి పెడితే ఇంకా మసక. వెనకాల జనం నిలబడి ఉంటారు, నాకు టెన్షన్. చివరికి ఆయన్ని నంబర్ అడిగి టైప్ చేస్తున్నాను.

విచిత్రం ఏంటంటే, పెట్రోల్ బంకులో నిలువు బోర్డు మీద ఉండే పెద్ద క్యూఆర్ మాత్రం ఇదే ఫోన్‌లో చటుక్కున పడుతుంది. ఫోన్‌కి వారంటీ ఉంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలా, లేక ఏదైనా సెట్టింగ్ మార్చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

బీటీఎం_కిరణ్

బ్రో, ముందు లెన్స్ తుడువు. జేబులో పెట్టి తీసి పెట్టి చేస్తే వేలి జిడ్డు అంటుకుని అంతా పొగమంచులా కనిపిస్తుంది. మెత్తటి కాటన్ గుడ్డతో తుడిచి చూడు. లెన్స్ మీద బయట కొన్న గ్లాస్ అంటించి ఉంటే అది పీకెయ్, దాని కింద దుమ్ము చేరుతుంది. తర్వాత ఫ్లాష్ వేసి స్కాన్ చెయ్. నేను ఎప్పుడూ ఫ్లాష్ వేసే చేస్తాను, వెలుగు ఎంత ఎక్కువుంటే అంత త్వరగా పడుతుంది. ఈ రెండూ చేస్తే నూటికి తొంభై సార్లు సరిపోతుంది.

పద్మజ_వైట్‌ఫీల్డ్

నాదీ ఇదే బాధ శ్రీను గారూ. రోజూ వైట్‌ఫీల్డ్ మెట్రో స్టేషన్‌లో గేటు దగ్గర నా ఫోన్‌లోని క్యూఆర్ టికెట్ పడదు. అటు తిప్పి ఇటు తిప్పి పెట్టాలి. నా ఫోన్ కెమెరా కూడా పాడైందంటారా?

ఫోకస్_భాస్కర్

పద్మజ గారూ, మీది వేరే సమస్య. అక్కడ చదివేది గేటులోని స్కానర్, మీ కెమెరా కాదు. మీ ఫోన్ టికెట్‌ని చూపించడమే. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచండి, డార్క్ మోడ్ తీసేయండి, గేటు అద్దానికి ఆనించకుండా కాస్త ఎత్తులో కదలకుండా పట్టుకోండి. స్క్రీన్ మీద పక్కనుంచి చూస్తే నల్లగా కనిపించే ప్రైవసీ గ్లాస్ వేయించుకుని ఉంటే, అది కూడా అడ్డం పడొచ్చు.

శ్రీను గారూ, మీరు ఇప్పుడే సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తకండి. మీరు చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. చిన్న స్టిక్కర్‌కి దగ్గరగా పెడితే మసక, పెద్ద బోర్డు దూరం నుంచి తేట. అంటే కెమెరా బాగానే ఉంది, మీరు పెట్టే దూరం దానికి పడట్లేదు. నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఫోన్ కెమెరాల ఫోకస్ ట్యూనింగ్ పనిలో ఉన్నాను, ఇది మేం రోజూ చూసేదే.

ప్రతి లెన్స్‌కీ ఒక హద్దు ఉంటుంది. అంతకంటే దగ్గర ఉన్నదాన్ని అది తేటగా చూడలేదు. పేపర్‌ని ముక్కుకి ఆనించుకుంటే మనం చదవలేం కదా, అలాగే. పాత ఫోన్లలో సెన్సర్ చిన్నది, కాబట్టి 8 నుంచి 10 సెంటీమీటర్ల దగ్గరకి కూడా ఫోకస్ అయ్యేది. మీ కొత్త ఫోన్ మెయిన్ కెమెరాలో సెన్సర్ పెద్దది. మీ రాత్రి ఫొటోలు బాగా రావడానికి కారణం అదే. సెన్సర్ పెరిగితే లెన్స్ కూడా పెరగాలి, దగ్గరి వస్తువు కోసం ఆ లెన్స్ ఇంకా ముందుకి జరగాలి. ఫోన్ మందంలో అంత చోటు లేదు. అందుకే ఈ రకం కెమెరాల్లో హద్దు 15, 20 సెంటీమీటర్లకి వెళ్లింది, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. మీ చెయ్యి మాత్రం పాత అలవాటుతో ఫోన్‌ని జానెడు లోపలికే తీసుకెళ్తోంది. ఫోకస్ కోసం లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటోంది, అందుకే మసక, తేట, మసక.

ఇంట్లో ఒక పరీక్ష చేయండి. న్యూస్ పేపర్‌ని బల్ల మీద పరిచి, కెమెరాని 1x లో పెట్టి, మూరెడు ఎత్తు నుంచి మెల్లగా కిందికి దించండి. అక్షరాలు ఎంతకీ తేటపడని చోట ఆపి, లెన్స్ నుంచి పేపర్‌కి స్కేల్‌తో కొలవండి. దించుతుండగా బొమ్మ ఒక్కసారిగా చిన్నగా ఎగిరినట్టు మారినా, మూల పువ్వు గుర్తు వచ్చినా, ఫోన్ తనంతట తాను అల్ట్రావైడ్ కెమెరాకి మారిందని అర్థం. ఆ పువ్వు మీద నొక్కి ఆపేసి మళ్లీ కొలవండి.

మారతహళ్లి_శ్రీను

భాస్కర్ గారూ, చాలా థ్యాంక్స్. కొలిచాను. పువ్వు గుర్తు ఆపేశాక సుమారు 18 సెంటీమీటర్ల కింద అక్షరాలు ఎంత ఆగినా తేటపడట్లేదు. పైకి లేపితే వెంటనే బాగుంది. కానీ 20 సెంటీమీటర్ల దూరంలో పెడితే ఆ స్టిక్కర్ స్క్రీన్ మీద పోస్టల్ స్టాంప్ అంత కూడా కనిపించదు. స్కానర్ చూపించే చదరంలో మూల పడి ఉంటుంది. అలా ఉంటే చదువుతుందా?

ఫోకస్_భాస్కర్

చదువుతుంది. చదరం నిండా క్యూఆర్ ఉండాలన్న రూల్ ఏమీ లేదు, అది మనకి గురి చూపించడానికే. మా పనిలో వాడే మోటు లెక్క ఏంటంటే, క్యూఆర్ వెడల్పుకి పది రెట్ల దూరం దాకా మామూలుగా చదవాలి. మూడు సెంటీమీటర్ల స్టిక్కర్‌కి 30 సెంటీమీటర్లు. మీ హద్దు 18. కాబట్టి మీకు 20 నుంచి 30 మధ్య మంచి చోటు ఉంది. అక్కడే ఆగి, దగ్గరికి జరపకుండా 2x జూమ్ చేయండి.

జూమ్ వల్ల లాభం ఏంటో ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. స్కానర్‌కి అందేది ఫొటో కాదు, వీడియో లాంటి చిన్న బొమ్మ, అడ్డంగా సుమారు 1080 పిక్సెళ్లు అనుకుందాం. మెయిన్ కెమెరా 30 సెంటీమీటర్ల దూరంలో అడ్డంగా దాదాపు 30 సెంటీమీటర్ల మేర చూస్తుంది. అందులో మీ మూడు సెంటీమీటర్ల స్టిక్కర్‌కి వచ్చేది పదో వంతు, అంటే 108 పిక్సెళ్లు. క్యూఆర్‌లో అడ్డంగా 25 గడులు ఉంటే గడికి నాలుగు పిక్సెళ్లు పైనే పడతాయి, హాయిగా చదువుతుంది. అదే క్యూఆర్‌లో ఎక్కువ సమాచారం ఉండి 45 గడులు ఉంటే గడికి రెండున్నర కూడా రావు. చెయ్యి కాస్త వణికినా పక్క గడితో కలిసిపోతుంది. 2x జూమ్ చేస్తే అదే దూరంలో గడికి దాదాపు ఐదు. సెన్సర్‌లో అసలు పిక్సెళ్లు ఇంకా చాలా ఉంటాయి కాబట్టి ఇది ఉత్తుత్తి సాగదీయడం కాదు, నిజంగానే వివరం పెరుగుతుంది.

మీ టీ కొట్టు స్టిక్కర్‌లో గడులు బాగా సన్నగా, ఇసుక పోసినట్టు కనిపిస్తున్నాయా? యూపీఐ క్యూఆర్ లోపల ఉండేది ఇలాంటి ఒక వరస:

```
upi://pay?pa=teakottu@bank&pn=Tea+Kottu
```

ఇంతే ఉంటే గడులు పెద్దవిగా ఉంటాయి. కొన్ని వ్యాపార స్టిక్కర్లలో దీని వెనక రిఫరెన్స్ నంబర్లు, డిజిటల్ సంతకం లాంటివి పొడుగ్గా చేరుస్తారు. స్టిక్కర్ సైజ్ అదే, గడులు మాత్రం చిన్నవైపోతాయి. ఒకే ఫోన్‌లో ఒక కొట్టులో పడి పక్క కొట్టులో పడకపోవడానికి ఇది పెద్ద కారణం.

కేఆర్_పురం_రమణయ్య

నమస్తే. మాది నెల్లూరు, కేఆర్ పురంలో కిరాణా కొట్టు. నేను అవతలి వైపు మనిషిని. మా కౌంటర్ మీద అక్రిలిక్ స్టాండ్‌లో క్యూఆర్ పెట్టాను, బాగా పెద్దదే. పొద్దున అందరికీ పడుతుంది. సాయంత్రం లైట్లు వేశాక సగం మంది స్కాన్ కావట్లేదు అంటారు. ఫోన్లు వేరువేరు, సమస్య ఒకటే. అంటే తప్పు నా స్టాండ్‌లోనే ఉన్నట్టు కదా? కొందరు కిరణ్ బాబు చెప్పినట్టు ఫ్లాష్ కూడా వేస్తున్నారు, అప్పుడు అసలే పడట్లేదు.

ఫోకస్_భాస్కర్

రమణయ్య గారూ, మీరే కరెక్టుగా పట్టుకున్నారు. సాయంత్రం ట్యూబ్‌లైట్ వేశాక, కస్టమర్ నిలబడే చోటికి వెళ్లి, వాళ్ల ఛాతీ ఎత్తు నుంచి స్టాండ్‌ని చూడండి. క్యూఆర్ మీద అడ్డంగా ఒక తెల్లటి చార కనిపిస్తుంది. అది అక్రిలిక్‌లో కనిపించే మీ ట్యూబ్‌లైట్. ఆ చార కింద నల్ల గడీ తెల్ల గడీ రెండూ తెల్లగానే కనిపిస్తాయి. క్యూఆర్‌లో కొంత చెడినా తిరిగి కట్టుకునే ఏర్పాటు ఉంది, తయారు చేసిన స్థాయిని బట్టి 7 శాతం నుంచి 30 శాతం దాకా. కానీ మూడు మూలల్లో ఉండే పెద్ద చదరాల్లో ఒకదాని మీద చార పడితే, అసలు ఇక్కడ క్యూఆర్ ఉందని గుర్తుపట్టడమే కష్టమవుతుంది. అందుకని స్టాండ్‌ని వెనక్కి వాల్చండి, లేదా ముందుకి వంచండి, చార పక్కకి జరిగేదాకా. అదీ కుదరకపోతే అక్రిలిక్ తీసేసి మెరుపు లేని కాగితం మీద ప్రింట్ చేయించండి. క్యూఆర్ చుట్టూ తెల్ల అంచు నాలుగు గడుల మేరకైనా ఉండాలి. స్టాండ్‌లో పట్టించడానికి దాన్ని కత్తిరించి ఉంటే అదొక ఇబ్బంది.

కిరణ్ గారి మొదటి మాట నిజం. జిడ్డు పట్టిన లెన్స్‌తో మంచి ఫోన్ కూడా తడబడుతుంది, తుడవడం ఎప్పుడూ ముందు చేయాల్సిన పనే. ఫ్లాష్ మాట మాత్రం అన్నిచోట్లా నడవదు. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది. నున్నటి లామినేషన్‌కి ఎదురుగా నిటారుగా పెట్టి వేస్తే ఆ వెలుగు నేరుగా లెన్స్‌లోకే తిరిగొస్తుంది, క్యూఆర్ నడిమధ్యలో తెల్ల మచ్చ పడుతుంది. మామూలు కాగితం మీదైతే పర్లేదు. లామినేషన్ ఉంటే ఫోన్‌ని కాస్త ఏటవాలుగా పట్టుకోవాలి.

బీటీఎం_కిరణ్

నేను రోజూ వెళ్లే జూస్ షాపులో మామూలు కాగితం స్టిక్కర్, అందుకే నాకు ఫ్లాష్‌తో పడుతుందేమో. అయినా ఇంకో డౌట్. ఏటవాలుగా పెడితే క్యూఆర్ వంకరగా కనిపించదా?

ఫోకస్_భాస్కర్

కనిపిస్తుంది, కానీ మూడు మూలల చదరాల్ని చూసి స్కానర్ దాన్ని సరిచేసుకుంటుంది. కొద్దిపాటి వాలుకి ఏమీ కాదు. బాగా పడుకోబెడితే దూరం వైపు గడులు నలిగిపోతాయి, అక్కడ ఆగిపోతుంది.

రైడర్_హరి

అన్నా, నా కథ వేరు. డెలివరీ చేస్తాను, ఫోన్ ఎప్పుడూ బైక్ హ్యాండిల్‌కి బిగించిన హోల్డర్‌లోనే ఉంటుంది. ఏడాది పైనే అలా వాడాను. కొన్నాళ్లుగా నా ఫోన్‌లో చిన్న క్యూఆర్ లేదు, పెద్ద క్యూఆర్ లేదు, ఏదీ పడదు. దూరం పెట్టినా మసకే. బొమ్మ ఊగుతున్నట్టు సన్నగా వణుకుతుంది. ఫోన్ ఊపితే లోపల టకటక శబ్దం. సెల్ఫీ కెమెరా బాగానే ఉంది. జూమ్ చేస్తే నాకూ సరిపోతుందా?

ఫోకస్_భాస్కర్

హరీ, మీది శ్రీను గారి కేసు కాదు. మీ కెమెరాకి నిజంగా దెబ్బ తగిలి ఉండొచ్చు. చెయ్యి వణుకుని సరిచేసే ఏర్పాటు ఉన్న కెమెరాల్లో లెన్స్‌ని లోపల తేలియాడేట్టు పెడతారు, చిన్న అయస్కాంతాలతో కదిలిస్తారు. బైక్ ఇంజన్ అదురు గంటల తరబడి తగిలితే ఆ భాగం చెడుతుంది. ఐఫోన్ కంపెనీ అయితే 2021లోనే పెద్ద ఇంజన్ ఉన్న మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కి నేరుగా బిగించొద్దని, చిన్న స్కూటర్లకైనా అదురు తగ్గించే మౌంట్ వాడమని హెచ్చరిక పెట్టింది. టకటక శబ్దం ఒక్కదాన్నీ చూసి భయపడకండి, కెమెరా ఆపి ఉన్నప్పుడు మంచి ఫోన్లలో కూడా అది వినిపిస్తుంది. కెమెరా తెరిచాక కూడా శబ్దం వస్తుంటే, బొమ్మ వణుకుతుంటే అనుమానించాలి.

తేల్చుకోవడానికి కెమెరాలో Pro మోడ్ తెరవండి. అందులో ఫోకస్‌ని చేత్తో మార్చే గీత ఉంటుంది, చాలా ఫోన్లలో ఒక చివర పువ్వు, ఇంకో చివర కొండ గుర్తు. ఎదురుగా గోడ మీద క్యాలెండర్ లాంటిది ఏదైనా పెట్టుకుని గీతని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరపండి. బొమ్మ మసక నుంచి తేటకి, మళ్లీ మసకకి మారాలి. ఎంత జరిపినా మార్పు లేకపోతే ఫోకస్ చేసే భాగం ఇరుక్కుంది. అప్పుడు ఏ సెట్టింగూ పనిచేయదు, మాడ్యూల్ మార్చాల్సిందే.

సుజాత_హెబ్బాళ్

ఇంకో రకం కూడా చెప్పనివ్వండి, మా నాన్నగారి ఫోన్‌లో జరిగింది. బొమ్మ అద్దంలా తేటగా కనిపించేది, కానీ ఎంతసేపు పట్టుకున్నా ఏమీ వచ్చేది కాదు. అది ఫోకస్ గొడవ కాదు, కెమెరాలో స్కాన్ ఆప్షనే ఆపి ఉంది. ఐఫోన్‌లో Settings > Camera లోకి వెళ్తే Scan QR Codes అని ఉంటుంది. శాంసంగ్‌లో కెమెరా తెరిచి దాని సెట్టింగ్స్‌లో చూడాలి, అక్కడ కూడా పాత వెర్షన్లలో Scan QR codes అనే ఉంటుంది. ఇంకోటి, కెమెరా ఫొటో మోడ్‌లో ఉండాలి. నాన్నగారు మనవడి ఫొటో తీసి పోర్ట్రెయిట్ మోడ్‌లోనే వదిలేసేవారు, అక్కడ క్యూఆర్ చదవదు.

ఆండ్రాయిడ్ 13 నుంచి పై నుంచి కిందికి లాగే ప్యానెల్‌లో స్కానర్ బటన్ పెట్టుకోవచ్చు. పెన్సిల్ గుర్తు నొక్కితే Scan QR code టైల్ దొరుకుతుంది, దాన్ని పైకి లాగితే చాలు. ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్‌లో Code Scanner అలాంటిదే. యూపీఐ యాప్‌లో కెమెరా చోట మొత్తం నల్లగా ఉంటే మాత్రం అదే ప్యానెల్‌లో Camera access అనే టైల్ చూడండి. పొరపాటున దాన్ని నొక్కితే అన్ని యాప్‌లకీ కెమెరా ఆగిపోతుంది.

మారతహళ్లి_శ్రీను

సాయంత్రం టీ కొట్టుకి వెళ్లాను. మూరెడు దూరంలో పట్టుకుని ఫోన్ కెమెరాలో 2x పెడితే వెంటనే లింక్ వచ్చింది, నొక్కితే ఏ యాప్‌తో కట్టాలో అడిగింది. ఆయన స్టిక్కర్‌లో గడులు నిజంగానే సన్నగా ఉన్నాయి. నేను వాడే ఒక యూపీఐ యాప్‌లో రెండు వేళ్లతో సాగదీస్తే జూమ్ అవుతోంది, అక్కడా పడింది. ఇంకో యాప్‌లో మాత్రం వేళ్లతో ఎంత సాగదీసినా జూమ్ లేదు, ఇంకా తడబడుతోంది. ఒకే ఫోన్, ఒకే కెమెరా, యాప్ మారితే ఎందుకు తేడా?

ఫోకస్_భాస్కర్

కెమెరాని ఎలా వాడుకోవాలో ప్రతి యాప్ సొంతంగా రాసుకుంటుంది. ఫోన్ తన దగ్గరి హద్దు ఎంతో యాప్‌కి చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో దాని పేరు LENS_INFO_MINIMUM_FOCUS_DISTANCE, ఐఫోన్‌లో 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి అలాంటిదే ఉంది. యాప్ రాసినవాళ్లు ఆ అంకె చదివి, హద్దు ఎక్కువ ఉన్న ఫోన్‌లో మొదటే జూమ్ చేసి చూపిస్తే, మనం తెలియకుండానే దూరం జరిగి పట్టుకుంటాం. పట్టించుకోని యాప్‌లో మీరు చూసినట్టే అవుతుంది. ఆ యాప్‌లో గ్యాలరీ నుంచి ఫొటో ఎక్కించే గుర్తు ఉంటే, 2x లో ఫొటో తీసి అలా పెట్టొచ్చు. కానీ గ్యాలరీ దారిలో రూ. 2,000 దాటిన మొత్తాన్ని చాలాసార్లు ఒప్పుకోదు, పెద్ద బిల్లులకి దాన్ని నమ్ముకోకండి.

కేఆర్_పురం_రమణయ్య

స్టాండ్ వెనక్కి వాల్చాను, చార పోయింది. ఈ సాయంత్రం ఎవరూ అడగలేదు. కానీ పొడుగ్గా ఉన్నవాళ్లు నిలబడితే వాళ్లకి మళ్లీ లైట్ కనిపిస్తోందట. రేపు మెరుపు లేని కాగితం మీద వేయిస్తాను. సైజ్ ఎంత పెట్టమంటారు? కౌంటర్‌కి అవతల నుంచి రెండు అడుగులు ఉంటుంది.

ఫోకస్_భాస్కర్

రెండు అడుగులంటే సుమారు 60 సెంటీమీటర్లు, పది రెట్ల లెక్కన క్యూఆర్ ఒక్కటే 6 సెంటీమీటర్లు ఉండాలి. మీరు 8 పెట్టించండి, గడులు సన్నగా ఉంటే పది. పేరు, బొమ్మలు దాని బయట వేయమనండి.

మారతహళ్లి_శ్రీను

ఒక్కటి మిగిలింది. రాత్రి సిల్క్ బోర్డ్ నుంచి వచ్చే బస్సులో అంటించిన క్యూఆర్. బస్సు ఊగుతుంటుంది, లైట్ తక్కువ. 2x పెడితే అది ఇంకా చెరిగిపోయినట్టు కనిపిస్తోంది.

ఫోకస్_భాస్కర్

చీకట్లో కెమెరా ఒక్కో ఫ్రేమ్‌కి ఎక్కువసేపు వెలుగు పోగుచేస్తుంది, ఆ లోపు బస్సు ఊగితే గడులు చెదిరిపోతాయి. జూమ్ ఆ ఊపుని కూడా పెంచి చూపిస్తుంది. అక్కడ 1x లోనే ఉండి, టార్చ్ వేసి, ఫోన్‌ని ఏటవాలుగా పట్టుకోండి. మోచేయి సీటు కడ్డీకి ఆనించండి. అయినా గడులు మరీ సన్నగా ఉంటే బస్సు ఆగేదాకా కష్టమే, దానికి నా దగ్గర పూర్తి మందు లేదు.

రైడర్_హరి

అన్నా, Pro మోడ్‌లో చూశాను. పువ్వు వైపు జరిపితే కొంచెం మారుతోంది, కొండ వైపు జరిపితే ఏమీ కదలట్లేదు. సగం పనిచేస్తున్నట్టా?

ఫోకస్_భాస్కర్

లెన్స్ మధ్యలో ఎక్కడో పట్టేస్తోందన్నమాట. అయితే కెమెరా వేడెక్కాక కూడా అలాగే ఉందా, పొద్దున్నే తెరిచినప్పుడు వేరేగా ఉందా చూసి రాయండి. ఈలోపు 0.5x కెమెరా ప్రయత్నించండి. చాలా ఫోన్లలో దానికి కదిలే ఫోకస్ ఉండదు, కాబట్టి అదురుకి చెడేది తక్కువ. పెద్ద క్యూఆర్‌లని చేతి దూరం నుంచి దాంతో ఫొటో తీసి గ్యాలరీ నుంచి ఎక్కించొచ్చు. హోల్డర్‌లో మాత్రం ఇక పెట్టకండి.

రైడర్_హరి

సరే అన్నా, రేపు పొద్దున డ్యూటీకి ముందు చూసి రాస్తాను. హోల్డర్ లేకుండా మ్యాప్ ఎలా చూడాలో కూడా ఎవరైనా చెప్పండి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పోలీసులు ఆపుతున్నారు.